ఐదుగురు, 24 నీటి సీసాలు, ఏడు వారాలు: మా గ్రూప్ అసైన్‌మెంట్ డైరీ

మొదటి వారం, సోమవారం

బీఎస్సీ కెమిస్ట్రీ మూడో ఏడాది గ్రూప్ అసైన్‌మెంట్. మా ఒంగోల్లో జనం తాగే నీటిని పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. ఐదుగురం, ఏడు వారాల గడువు, చివర్లో వైవా. ఈ డైరీ గ్రూప్ కోసమే రాస్తున్నాను. పని ఎలా పంచుకున్నాం, ఎక్కడ మార్చుకున్నాం అన్నది తర్వాతి బ్యాచ్ వాళ్ళకీ పనికొస్తుంది. పేర్లు రాయడం లేదు. ఎవరి టైము ఎలాంటిదో దాన్నిబట్టే పిలుచుకుంటాను. చీరాల అమ్మాయి రోజూ రైల్లో వచ్చి వెళ్తుంది. హాస్టల్ అబ్బాయికి పొద్దున్నే గేటు దాటడానికి పర్మిషన్ ఎప్పుడో గానీ దొరకదు. షాపు అబ్బాయి సాయంత్రం ఐదింటికల్లా వాళ్ళ నాన్నగారి మందుల షాపులో ఉండాలి. ఎక్సెల్ అమ్మాయికి కంప్యూటర్ పని బాగా వచ్చు, కానీ శనివారాలు ట్యూషన్ చెబుతుంది. ఐదో మనిషిని నేను. కోఆర్డినేటర్‌ పని నాకు అప్పగించారు.

ఈరోజు క్యాంటీన్లో కూర్చోగానే మొదట వచ్చిన ప్రతిపాదన అందరికీ తెలిసిందే. ఒకరు ఇంట్రడక్షన్, ఒకరు మెథడ్, ఒకరు రిజల్ట్స్, ఒకరు కన్‌క్లూజన్, ఒకరు పీపీటీ. వినడానికి సమానంగానే ఉంది, ఐదుగురికి ఐదు భాగాలు. కానీ మెథడ్, రిజల్ట్స్ తీసుకున్న ఇద్దరి నెత్తిన శాంపిళ్ళు తేవడం, టైట్రేషన్లు చేయడం, అంకెలు ఎక్కించడం అంతా పడుతుంది. ఇంట్రడక్షన్ తీసుకున్నవాళ్ళు ఒక పూటలో రాసేసి ఖాళీ అయిపోతారు. కన్‌క్లూజన్ వాళ్ళు ఐదు వారాలు చేతులు కట్టుకుని కూర్చుని, ఆఖరి మూడు రోజుల్లో హడావిడి పడతారు. రిపోర్టులో ఎన్ని అధ్యాయాలుంటే అన్ని ముక్కలుగా పని కోస్తే, కాగితం మీద కనిపించని పనంతా ఎవరో ఒకరి మీద పడుతుంది. అందుకే అధ్యాయాల్ని పక్కనపెట్టి, ఒక సీసా నీళ్ళు కుళాయి దగ్గర నుంచి రిపోర్టులో గ్రాఫ్ అయ్యేదాకా ఏయే చేతులు మారుతుందో రాద్దామన్నాను. పని పంపకం ఆ వరస ప్రకారం చేద్దామని అందరూ ఒప్పుకున్నారు.

మొదటి వారం, బుధవారం

ముందు పరిధి తేల్చుకున్నాం. ప్రకాశం జిల్లా అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి అది కూడా చేద్దామని హాస్టల్ అబ్బాయి పట్టుబట్టాడు. వాళ్ళది పశ్చిమ ప్రకాశం, వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళ సంగతి తనకి బాగా తెలుసు. కానీ మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ లేదు, రంగు పద్ధతికి కావాల్సిన రసాయనాలూ లేవు. బయట ల్యాబ్‌కి పంపితే అది మా పని అనిపించుకోదు, ఖర్చు కూడా అవుతుంది. సార్ దగ్గరికి వెళ్ళి అడిగితే, "చేయలేనిది ప్లాన్‌లో రాయొద్దు. ఎందుకు చేయలేదో రిపోర్టులో ఒక పేరాలో రాయండి, చాలు" అన్నారు. ఆ పేరా హాస్టల్ అబ్బాయే రాస్తాడు.

మిగిలింది ఇది. ఎనిమిది వీధులు, ఒక్కో వీధిలో మూడు రకాల నీళ్ళు: మున్సిపల్ కుళాయి, బోరు, ఆర్వో ప్లాంటు క్యాను. మొత్తం 24 శాంపిళ్ళు. పీహెచ్, టీడీఎస్, మిగులు క్లోరిన్ అక్కడికక్కడే చూడాలి. ల్యాబ్‌లో టోటల్ హార్డ్‌నెస్ ఒక్కటే, ఈడీటీఏ టైట్రేషన్‌తో. పోల్చుకోవడానికి భారత ప్రమాణం ఐఎస్ 10500: 2012 ఉంది. దాని ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. క్లోరిన్ కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

అక్కడికక్కడే చూడాల్సినవి, ల్యాబ్‌కి తెచ్చి చూడాల్సినవి అని విడదీయడం కెమిస్ట్రీ వల్ల వచ్చిన అవసరం. పని పంపకం కూడా దాని మీదే ఆధారపడింది. నీళ్ళలో మిగులు క్లోరిన్ నిలవ ఉండదు. సీసాలో పోసి బ్యాగులో పెట్టుకుని కాలేజీకి తెచ్చేసరికి తగ్గిపోతుంది. కాబట్టి శాంపిల్ తెచ్చేవాళ్ళకి క్లోరిన్ కిట్ వాడటం కూడా రావాలి. "నువ్వు నీళ్ళు తే, నేను టెస్ట్ చేస్తా" అనే విభజన ఇక్కడ కుదరదు.

మొదటి వారం, గురువారం: పైలట్

ఏ పనికి ఎంత టైము పడుతుందో తెలియకుండా న్యాయంగా పంచడం కుదరదు. అందుకని ప్లాన్ రాయకముందే ఒక్క వీధి మొత్తం చేసి చూశాం.

కుళాయి నీళ్ళు తెల్లవారుజామున వదులుతారు. షాపు అబ్బాయి, నేను వెళ్ళాం. గేటు దగ్గర నిలబడి, "ఆంటీ, మేం కాలేజీ పిల్లలం, మీ కుళాయి నీళ్ళు ఒక సీసాడు పట్టుకుంటాం" అంటే, ఆవిడ, "పట్టుకోండి నాయనా, ఏమన్నా పన్ను వేస్తారా దీనికి?" అని అడిగింది. ఆవిడకి విషయం చెప్పి నమ్మకం కలిగించడానికి కొంచెం సేపు పట్టింది. కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలేసి, సీసాని అదే నీళ్ళతో తొలిచి, నింపి, లేబుల్ అంటించి, కిట్‌లో చుక్కలు వేసి పసుపు రంగు పోల్చుకుని, పీహెచ్, టీడీఎస్ మీటర్లు ముంచి, నోట్‌బుక్‌లో రాశాం. మూడు నీళ్ళకీ కలిపి ముప్పావు గంట పట్టింది. మనుషులతో మాట్లాడే టైము కూడా అందులో ఉంది. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు కానీ, అదీ పనే.

మధ్యాహ్నం ల్యాబ్‌లో చీరాల అమ్మాయి, హాస్టల్ అబ్బాయి ఆ మూడింటినీ టైట్రేట్ చేశారు. ఒకరు బ్యూరెట్ దగ్గర, ఒకరు రీడింగు చూసి రాయడానికి. ఒక్కో శాంపిల్‌కి మూడు రీడింగులు, సగటున 25 నిమిషాలు.

సీసాల లేబుల్ పద్ధతి కూడా ఈరోజే తేలింది. వీధి నంబరు, తర్వాత కు, బో, క్యా. "3-బో" అంటే మూడో వీధి బోరు. నోట్‌బుక్‌లో, ఎక్సెల్లో, గ్రాఫ్‌లో ఇదే పేరు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు తప్పు దొర్లేది ఎక్కువగా పేర్ల దగ్గరే కాబట్టి, ఎవరూ తన సొంత పేరు పెట్టకూడదని గట్టిగా అనుకున్నాం.

మొదటి వారం, శుక్రవారం: ప్లాన్ షీట్

పైలట్ కొలతలతో మొత్తం పనిని మనిషి-గంటల్లో లెక్క కట్టాం. ఇద్దరు కలిసి ఒక గంట చేస్తే రెండు మనిషి-గంటలు.

ఎనిమిది వీధులకు ముప్పావు గంట చొప్పున ఆరు గంటలు, ఇద్దరు వెళ్తారు కాబట్టి 12. టైట్రేషన్ 24 శాంపిళ్ళకు పది గంటలు, ఇద్దరికి 20. ఈడీటీఏ, బఫర్ తయారీ, సీసాలు కడగడం 4. అంకెలు ఎక్కించడం, సరిచూడటం 5. గ్రాఫులు, లెక్కలు 5. రాయడం, ఎడిటింగ్ 12. స్లైడ్లు 3. రిహార్సల్ తలా ఒక గంట, అంటే 5. కోఆర్డినేషన్ 4. అన్నీ కలిపితే 70, తలా 14 గంటలు.

పీపీటీ మొత్తానికి మూడు గంటలైతే, శాంపిళ్ళు, టైట్రేషన్, తయారీ కలిపి 36 గంటలు. సోమవారం అనుకున్నట్టు అధ్యాయాలవారీగా పంచుకుని ఉంటే ఎవరి మీద ఎంత బరువు పడేదో ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక ఎవరికీ ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత పనులకి మనుషుల్ని పెట్టాం. తెల్లవారుజాము పని ఊళ్ళో ఉండేవాళ్ళకే కుదురుతుంది: షాపు అబ్బాయికి ఆరు గంటలు, నాకు నాలుగు, పర్మిషన్ దొరికిన రోజులకు హాస్టల్ అబ్బాయికి రెండు. చీరాల అమ్మాయి పొద్దున రాలేదు కాబట్టి మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎక్కువ తీసుకుంది: టైట్రేషన్ ఎనిమిది, తయారీ రెండు, రాయడం రెండు, అంకెలు ఎక్కించడం ఒకటి, రిహార్సల్ ఒకటి. ఎక్సెల్ అమ్మాయికి గ్రాఫులు ఐదు, రాయడం, ఎడిటింగ్ నాలుగు, మిగతావి చిన్నచిన్నవి. ఎవరి వరస కూడినా 14 రావాలి. వచ్చేదాకా అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాం.

దీంతోపాటు రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, ప్రతి ఒక్కరూ కనీసం రెండు గంటలు టైట్రేషన్ చేయాలి, కనీసం రెండు గంటల రాత పని చేయాలి. ఎక్సెల్ వచ్చినవాళ్ళకి ఎక్సెలే, చేతి పని వచ్చినవాళ్ళకి చేతి పనే ఇస్తే పని తొందరగా అవుతుంది కానీ, వైవాలో ఎక్సెల్ అమ్మాయిని ఎండ్‌పాయింట్ గురించి అడిగితే ఏం చెబుతుంది? కొత్త పని నేర్చుకునే అవకాశం కూడా అందరికీ సమానంగా రావాలి కదా. రెండు, ప్రతి పనికీ ఒక బాధ్యుడు, ఒక జోడీ. బాధ్యుడు చేస్తాడు, జోడీ చూస్తాడు. బాధ్యుడు రాకపోతే జోడీ అందుకుంటాడు. "అందరం కలిసి చేద్దాం" అని రాసిన గడి షీట్లో ఒక్కటి కూడా ఉండకూడదు. అలాంటి గడిలోని పని చివరికి ఎవరూ చేయరు.

మైలురాళ్ళకి తేదీలు వేయడం అసలైన తలనొప్పి. సీసాలన్నీ ఒకేసారి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి తీరిగ్గా చేసుకుందామని షాపు అబ్బాయి అన్నాడు. కుదరదు. ఆమ్లం కలపకుండా నిలవ ఉంచిన బోరు నీళ్ళలో కాల్షియం కార్బొనేట్‌గా గోడలకి పట్టుకుని, హార్డ్‌నెస్ తక్కువ చూపించే ప్రమాదం ఉంది. తెచ్చినరోజే, కాకపోతే మర్నాడు చేసేయాలి. మాకు ల్యాబ్ దొరికేది వారానికి ఒక మధ్యాహ్నం, ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా మూడు గంటలు. శాంపిల్‌కి 25 నిమిషాలంటే ఆరు శాంపిళ్ళకి రెండున్నర గంటలు. అంటే వారానికి రెండు వీధులే. ఎనిమిది వీధులకి నాలుగు వారాలు. మొత్తం ప్లాన్‌కి కొలబద్ద ఆ ల్యాబ్ మధ్యాహ్నమే. మనం ఎంత కష్టపడినా అంతకంటే వేగంగా వెళ్ళలేం.

అలా రెండో వారం నుంచి ఐదో వారం దాకా నాలుగు విడతలు. ఆరో వారం కావాలనే ఖాళీగా ఉంచాం, ఏదన్నా విడత పోతే మళ్ళీ చేయడానికి. ఏడో వారం రిపోర్టు, వైవా. ఆరో వారాన్ని కూడా పనితో నింపేద్దామని ఒకరిద్దరు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఖాళీ లేని ప్లాన్‌లో ఒక్క వర్షం పడితే చాలు, మొత్తం చెదిరిపోతుంది.

మైలురాయి అంటే ఏంటో కూడా రాసుకున్నాం. "రెండో విడత పూర్తి" అని రాస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుంటారు. అందుకని, "రెండో విడత ఆరు శాంపిళ్ళవీ పొలం రీడింగులు, మూడేసి టైట్రేషన్ రీడింగులు షీట్లో ఉన్నాయి; జోడీ నోట్‌బుక్‌తో పోల్చి సంతకం పెట్టాడు" అని రాశాం. వీధిలో తీసిన రీడింగులకి మేం పొలం రీడింగులనే పేరు పెట్టుకున్నాం. ఇంకెవరైనా షీట్ తెరిచి చూసి అవునో కాదో చెప్పగలిగితేనే అది మైలురాయి.

రెండో వారం, సోమవారం: చేతులు కలపడం

విడతలు మొదలుపెట్టే ముందు సార్ ఒక అదనపు గంట ల్యాబ్ ఇచ్చారు. ఐదుగురం ఒకే నీటిని టైట్రేట్ చేశాం. 50 మిల్లీలీటర్ల నీళ్ళు, బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. ద్రాక్షసారాయి రంగు వస్తుంది. ఈడీటీఏ పడేకొద్దీ ఊదాగా మారి, చివరికి స్వచ్ఛమైన నీలం అవుతుంది. ఊదాలో ఎక్కడ ఆపాలి, నీలం ఎప్పుడయిందని అనుకోవాలి అన్నది కంటికి అలవాటు కావాలి. చీరాల అమ్మాయికి 18.0 మిల్లీలీటర్లు వచ్చిన నీళ్ళకి షాపు అబ్బాయికి 17.6 వచ్చింది. తను ఇంకా ఊదా ఛాయ ఉండగానే ఆపేశాడు.

మా ఈడీటీఏ 0.01 మోలార్ కాబట్టి లెక్క సులువు, V అంటే పట్టిన ఈడీటీఏ మిల్లీలీటర్లు:

```
హార్డ్‌నెస్ (mg/L) = V × 1000 / 50
```

18.0 అయితే 360. 17.6 అయితే 352. ఎనిమిది మిల్లీగ్రాముల తేడా నీళ్ళది కాదు, మనిషిది. పనిని సమానంగా పంచాలన్న మా పట్టుదల కొలతని పాడుచేసే చోటు ఇది. మొదటి వీధి ఒకరు, రెండో వీధి ఇంకొకరు చేస్తే, చివర్లో గ్రాఫ్‌లో కనిపించే తేడా వీధులదో, మా కళ్ళదో చెప్పలేం.

కాసేపు చర్చ జరిగింది. టైట్రేషన్ అంతా చీరాల అమ్మాయికే వదిలేద్దామని ఒక మాట. అలా చేస్తే తన గంటలు పెరిగిపోతాయి, మిగతావాళ్ళకి పని రాదు. చివరికి రెండింటికీ కుదిరే దారి దొరికింది. ప్రతి శాంపిల్‌కి మూడు రీడింగుల్లో రెండు చీరాల అమ్మాయో, హాస్టల్ అబ్బాయో చేస్తారు. మూడోది ఆరోజు వంతు వచ్చినవాళ్ళు చేస్తారు. మూడూ 0.1 మిల్లీలీటర్ లోపల కలవాలి. కలవకపోతే మూడోది మళ్ళీ. పోల్చుకోవడానికి, ముందే కాస్త ఎక్కువ ఈడీటీఏ పోసి పూర్తి నీలం చేసిన ఫ్లాస్కు ఒకటి తెల్ల పలక మీద పక్కనే పెట్టుకుంటాం. షాపు అబ్బాయి ఆ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని మళ్ళీ చేస్తే 17.9, తర్వాత 18.0 వచ్చాయి.

రెండో వారం, గురువారం: మొదటి విడత

పొద్దున శాంపిళ్ళు సాఫీగా వచ్చాయి. మధ్యాహ్నం ల్యాబ్ మాత్రం సాగింది. నాలుగున్నరకి ఐదు శాంపిళ్ళే అయ్యాయి. అటెండర్ గారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు, చీరాల అమ్మాయికి రైలు టైమైంది. ఆరోది, "2-క్యా", ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున హాస్టల్ అబ్బాయి, నేను చేశాం.

ఎందుకు సాగిందో ఆ రాత్రి నోట్‌బుక్‌లో టైములు చూస్తే అర్థమైంది. రీడింగుకి పట్టే సేపు పైలట్‌లో ఉన్నంతే ఉంది. మధ్యలో ఫ్లాస్కులు కడగడం, పిపెట్‌తో 50 మిల్లీలీటర్లు తీయడం దగ్గర సమయం పోతోంది. పైలట్‌లో మూడు శాంపిళ్ళే కాబట్టి ఉన్న ఫ్లాస్కులు సరిపోయాయి. ఆరింటికి సరిపోవు, కడిగి మళ్ళీ వాడాలి. శాంపిల్‌కి 35 నిమిషాలు పడుతోంది.

ఫ్లాస్కులన్నిట్లో ముందే నీళ్ళు, బఫర్, ఇండికేటర్ వేసి వరసగా పెట్టుకుందామని ఎక్సెల్ అమ్మాయి అడిగింది. నీళ్ళు పోసి పెట్టుకోవచ్చు, బఫర్ మాత్రం కూడదు. బఫర్ పోస్తే పీహెచ్ 10కి వెళ్తుంది, ఆలస్యం చేస్తే కాల్షియం కార్బొనేట్‌గా విడిపోతుంది. బఫర్ పడ్డాక ఐదు నిమిషాల్లో టైట్రేషన్ ముగించాలి. కాబట్టి దారి ఒక్కటే, మూడో మనిషి. కడగడం, పిపెట్ చేయడం ఆ మనిషి పని. షీట్లో ఈ పాత్రే లేదు.

రెండో వారం, శనివారం: గంటల సర్దుబాటు

మొదటినుంచీ అందరం చేసిన పనిని ఒకే షీట్లో రాస్తున్నాం: తేదీ, పని, ఎంత సేపు, ప్లాన్ షీట్లో ఏ వరసకి చెందింది. అరగంట కంటే చిన్న ముక్కలు రాయం. ఇది ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకోవడానికి కాదు. అనుకున్న గంటలకి, పట్టిన గంటలకి తేడా వస్తే భారం ఎవరి మీద పడుతోందో కనిపించడానికి.

మిగిలిన మూడు విడతలకి మూడో మనిషి రెండున్నర గంటల చొప్పున, ఏడున్నర. మొదటి విడతలో అదనంగా పట్టినవి రెండు. అటు శాంపిళ్ళు తెచ్చే పని తేలికైంది. మాటలు అలవాటయ్యాయి, వీధికి 35 నిమిషాలు చాలుతోంది, దానివల్ల ఇద్దరికీ కలిపి రెండు గంటలు మిగులుతాయి. మొత్తం 70 నుంచి 77న్నరకి పెరిగింది. తలా 15న్నర.

మూడో మనిషిగా రెండు విడతలకి షాపు అబ్బాయి, ఒక విడతకి ఎక్సెల్ అమ్మాయి వస్తామన్నారు. దాంతో షాపు అబ్బాయి గంటలు పెరిగిపోయాయి కాబట్టి తన దగ్గరున్న అంకెలు సరిచూసే రెండు గంటల పని నేను తీసుకున్నాను. ఎక్సెల్ అమ్మాయి స్లైడ్ల వాటా చీరాల అమ్మాయి తీసుకుంది. ఇప్పుడు అందరిలోకీ ఎక్కువ 16, తక్కువ 15కి కాస్త లోపు. ఇద్దరి మధ్య తేడా రెండు గంటలు దాటితేనే మళ్ళీ సర్దుదాం, అంతకంటే తక్కువకి పేచీ వద్దు అని అనుకున్నాం. నిమిషాల దాకా సమానం చేయాలని కూర్చుంటే ఆ కూర్చోవడమే ఒక పని అవుతుంది.

కడిగే పని చిన్నదని ఎవరన్నా అనుకుంటారేమోనని నాకు కొంచెం టెన్షన్‌గా ఉండింది. షాపు అబ్బాయే, "నాకు ఇబ్బంది లేదు. కానీ అది షీట్లో నా పేరు మీద రాయండి" అన్నాడు. రాశాం. ఇలాంటి పనులకి ఒక వరస, ఒక పేరు, గంటలు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. గ్రూపుల్లో మనసులు విరిగేది ఇక్కడే.

మూడో వారం

రెండో విడత మూడు గంటల లోపే ముగిసింది. చీరాల అమ్మాయి తొందర లేకుండా స్టేషన్‌కి వెళ్ళింది.

రాయడం కూడా మొదలైంది. మెథడ్ రాయాల్సింది చేస్తున్న రోజుల్లోనే. బఫర్ ఎంత వేశాం, సీసా ఎన్నిసార్లు తొలిచాం లాంటివి నెల తర్వాత ఎవరికీ గుర్తుండవు. ఎవరు చేసిన పని వాళ్ళే ఒక పేజీ రాస్తారు. జోడీ దాన్ని చదివి, తను ఎప్పుడూ ఆ పని చేయనట్టుగా ఊహించుకుని, అర్థం కాని చోట గీత గీస్తాడు. నేను రాసిన శాంపిళ్ళ పేజీలో "కుళాయి కాసేపు వదలాలి" అన్న చోట హాస్టల్ అబ్బాయి గీత గీశాడు. "రెండు మూడు నిమిషాలు" అని మార్చాను.

నాలుగో వారం

బుధవారం రాత్రి షాపు అబ్బాయి ఫోన్ చేశాడు. ఐదో వీధిలో పైపు పగిలి మరమ్మతు జరుగుతోంది, రేపు నీళ్ళు రావు. ఇలాంటిదానికే ప్లాన్‌లో రెండు వీధులు అదనంగా రాసి పెట్టుకున్నాం, అక్కడి ఇళ్ళవాళ్ళతో ముందే మాట్లాడాం కూడా. గురువారం పొద్దున అదనపు వీధికి వెళ్ళాం. లేబుల్ మాత్రం 5 అని పెట్టలేదు, 9 అని పెట్టాం. ఐదు అని పెడితే మ్యాప్‌లో ఒక వీధి, సీసా మీద ఇంకో వీధి అవుతుంది.

ఇదే వారం ఇంకో విషయం. హాస్టల్ అబ్బాయి ఇంట్లో శుభకార్యానికని ఊరెళ్ళి, మూడు రోజులు ఫోన్‌కి దొరకలేదు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ అంతంతమాత్రం. తను ఇవ్వాల్సిన ఫ్లోరైడ్ పేరా గడువు దాటింది. మా నియమం ప్రకారం గడువు దాటి రెండు రోజులు కబురు లేకపోతే జోడీ అందుకుంటాడు. మాటలు అనడం ఉండదు, ఆ గంటలు జోడీ పేరు మీదకి వెళ్తాయి, తిరిగొచ్చాక వేరే పనితో సరిచేసుకోవాలి. జోడీగా చీరాల అమ్మాయి చిత్తుప్రతి రాసింది. హాస్టల్ అబ్బాయి తిరిగొచ్చి చదివి, వాళ్ళ ఊరి సంగతులు చేర్చి బాగుచేశాడు, బదులుగా ఐదో వారం తయారీ పని మొత్తం తీసుకున్నాడు. ముందే రాసుకున్న నియమం ఉంటే ఎవరూ ఎవరినీ నిలదీయాల్సిన పని ఉండదు. అప్పటికప్పుడు నియమం పెట్టాల్సి వస్తే అది తనని ఉద్దేశించి పెట్టినట్టే ఉండేది.

ఐదో, ఆరో వారాలు

నాలుగో విడతతో 24 శాంపిళ్ళూ అయ్యాయి. ఆరో వారం ఖాళీని ఒక్కదానికే వాడాం. అంకెలు సరిచూస్తుంటే "7-బో" రీడింగు షీట్లో 12.4 అని ఉంది, నోట్‌బుక్‌లో 21.4లా కనిపిస్తోంది. టీడీఎస్ చూస్తే పక్క బోరుల కంటే ఎక్కువే, అలాంటి నీళ్ళకి హార్డ్‌నెస్ మాత్రం సగానికి పడిపోవడం అనుమానంగా ఉంది. ఎక్కించినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు సరిచూడాలనేది ఇందుకే. ఊహించి దిద్దకుండా, ఆ బోరు నీళ్ళు మళ్ళీ తెచ్చి టైట్రేట్ చేశాం. 21.3, 21.4, 21.4. రిపోర్టులో కొత్త రీడింగు వేసి, తేదీ వేరని కింద రాశాం.

ఏడో వారం

ఎక్సెల్ అమ్మాయి ఐదు పేజీలనీ ఒకే రాతగా కలిపింది. గ్రాఫులు తనే వేసినా, వాటి కింద రెండు వాక్యాల వివరణ మిగతా నలుగురం తలా ఒక గ్రాఫ్‌కి రాశాం. రిహార్సల్లో ఎవరి భాగం వాళ్ళు చెప్పలేదు. చీటీలు తీసి, ఎవరికి ఏది వస్తే అది చెప్పాలి. మొదటిసారి తడబడ్డారు, రెండోసారికి కుదురుకుంది.

రిపోర్టు చివర ఒక పేజీ, ఎవరు ఏం చేశారో. "అందరూ సమానంగా కృషి చేశారు" అన్న వాక్యం పెట్టలేదు. పనులు, పేర్లు, గంటలు పెట్టి ఐదుగురం సంతకాలు చేశాం. ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి గురించి కూడా మాట్లాడుకున్నాం. కొన్ని కాలేజీల్లో అలా చేస్తారు. నాకు మాత్రం గంటల షీటే మేలనిపిస్తుంది. స్నేహితులు ఒకరికొకరు తక్కువ మార్కులు వేసుకోరు, పడనివాళ్ళు ఎక్కువ వేయరు. షీటుకి ఒక పరిమితి ఉంది, అది గంటల్ని చూపిస్తుంది కానీ పని నాణ్యతని చూపించదు. ఆ లోటుని జోడీ సంతకాలు కొంతవరకు పూడుస్తాయి.

వైవాలో సార్ షాపు అబ్బాయిని బఫర్ ఎందుకని అడిగారు, చీరాల అమ్మాయిని క్లోరిన్ వీధిలోనే ఎందుకు చూశారని అడిగారు. ఇద్దరూ చెప్పారు.

తర్వాతి బ్యాచ్ కోసం సవరించిన అంచనాలు షీట్ పై వరసలో రాసి ఉంచాం: శాంపిళ్ళకి వీధికి ఇద్దరు, 35 నిమిషాలు, మొదటి రెండు వీధులకి మాత్రం ముప్పావు గంట, టైట్రేషన్‌కి శాంపిల్‌కి ముగ్గురు, 25 నిమిషాలు, అంకెలు సరిచూడటానికి అనుకున్న రెండు గంటలు చాలవు, మూడు వేసుకోండి, కోఆర్డినేషన్‌కి నాలుగు కాదు, ఆరు. ఫ్లాస్కులు పన్నెండు దొరికితే మూడో మనిషి అవసరం ఉండకపోవచ్చు, ముందు అటెండర్ గారిని అడగండి.